పడిన నారుకు మందు లేదు, నిలబడిన నారుకే ఉంది

మిర్చి నారుమళ్ళ మీద ప్రతి ఏడాదీ ఈ రోజుల్లోనే నాకు ఒకే రకం ఫొటోలు వస్తాయి. పచ్చగా మొలిచిన మడి, మధ్యలో అరచేయంత మేర మొక్కలన్నీ పక్కకు వాలి నేలకు అతుక్కుని ఉంటాయి. ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి, కాండం మాత్రం మట్టిని తాకే చోట నీళ్ళు పీల్చుకుని దారంలా సన్నబడి ఉంటుంది. కింద ఒకటే ప్రశ్న: "అన్నా, ఏ మందు కొట్టాలి?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు ఒక మాట. నారుకుళ్ళు తెగులులో మందు నాలుగో స్థానం. మొదటిది నీళ్ళు, రెండోది మడి కట్టిన తీరు, మూడోది గింజల ఒత్తు. ఈ మూడూ తప్పిన మడికి ఎంత ఖరీదైన డబ్బా తెచ్చినా అది పడిన మొక్కను లేపదు. కాండం మెత్తబడి కూలిన మొలకకు మందే లేదు, అది చనిపోయినట్టే. మీరు పోసే మందంతా దాని పక్కన ఇంకా నిలబడి ఉన్న మొక్క కోసం. ఈ తేడా తెలియకే చాలామంది పడిన చోట రెట్టింపు మందు పోసి, బాగున్న చోట ఏమీ పోయకుండా వదిలేస్తున్నారు. చేయాల్సింది దానికి తలకిందులు.

అసలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. వర్షాకాలంలో మన మిర్చి, టమాటా, వంగ మళ్ళలో ఎక్కువగా ఈ పని చేసేది పిథియం అనే సూక్ష్మజీవి. పుస్తకాల్లో శిలీంధ్రాల లెక్కలోనే చదువుతాం గానీ, పుట్టుకలో ఇది శిలీంధ్రం కన్నా నాచుకు దగ్గర చుట్టం. మట్టిలో తడి నిండితే దీని బీజాలు నీటి పొరలో ఈదుకుంటూ వెళ్ళి లేత వేరునో కాండం మెడనో పట్టుకుంటాయి. తడి లేకపోతే ఈత లేదు. గట్టి పెంకుతో ఉండే దీని విశ్రాంతి బీజాలు మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. అందుకే ఒకే మూల మీద ఏటేటా నారు పోసేవాళ్ళకు ఏటేటా అదే గోల.

రెండోది రైజోక్టోనియా. ఇది నిజమైన శిలీంధ్రమే. దీనికి నీళ్ళు నిలవక్కర్లేదు, గోరువెచ్చని నేలా ఓ మోస్తరు పదునూ చాలు. ఇది తగిలిన మొక్క మెడ దగ్గర ఎర్రటి గోధుమ రంగులో లోపలికి నొక్కుకుపోయిన మచ్చ కనిపిస్తుంది. ముట్టుకుంటే పిథియం మొక్కలా జారిపోదు, ఎండిన పుల్లలా ఉంటుంది. ఒక్కోసారి మొక్క పడిపోదు కూడా, మెడ దగ్గర తీగలా సన్నబడి అలాగే నిలబడుతుంది. ఇదే ఎక్కువ మోసం చేస్తుంది, ఎందుకో తర్వాత చెప్తాను.

ఈ రెంటినీ ఎందుకు విడదీయాలంటే మందులు వేరు. మన దగ్గర ఏ తెగులుకైనా ముందు గుర్తొచ్చేది కార్బెండజిమ్. అది రైజోక్టోనియా మీద పని చేస్తుంది, పిథియం మీద పని చేయదు. మందు నాసిరకం కాబట్టి కాదు, ఆ మందు దెబ్బ కొట్టే చోటు పిథియంలో దానికి లొంగదు కాబట్టి. అలాగే మెటలాక్సిల్ పిథియం మీద పని చేస్తుంది, రైజోక్టోనియాను ముట్టుకోదు. కాపర్ ఆక్సీక్లోరైడ్, మాంకోజెబ్ లాంటివి రెంటినీ కొంతవరకు ఆపుతాయి, అదీ మొక్క బయటే, లోపలికి పోయినదాన్ని ఏమీ చేయవు.

ఇంట్లోనే తెలుసుకునే పద్ధతి ఒకటి ఉంది. పొద్దున్నే ఎండ రాకముందు మడి దగ్గరకు వెళ్ళి పడిన మొక్కల చుట్టూ మట్టి మీద చూడండి. దూదిలా తెల్లటి పలచని బూజు కనిపిస్తే పిథియం అని గట్టిగా అనుమానించొచ్చు. కనిపించకపోతే, అప్పుడే వాలిన మొక్కలు నాలుగు వేళ్ళతో సహా తీసి, కడిగి, తడి కాగితంలో చుట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి. మర్నాటికి తెల్ల దూది లేస్తే అదే. మచ్చ ఎర్రటి గోధుమ రంగులో పొడిగా ఉండి, సన్నటి గోధుమ రంగు పోగులు మట్టి రేణువులను అంటిపెట్టుకుని కనిపిస్తే రైజోక్టోనియా. రెండూ కలిసి ఉన్న మళ్ళు కూడా ఉంటాయి.

ఇంకో సంగతి, పడిన ప్రతి మొక్కా నారుకుళ్ళు కాదు. కాండం కత్తిరించినట్టు తెగి ఉంటే అది పురుగు పని, రాత్రి పూట బ్యాటరీ లైటు వేసి మట్టి కెలికితే దొరుకుతుంది. ఆకు అంచులు మాడి మొక్కలు అక్కడక్కడా చస్తుంటే యూరియానో పచ్చి ఎరువో ఎక్కువైందని చూసుకోవాలి. నారుకుళ్ళు గుర్తు మచ్చగా మొదలై గుండ్రంగా పెరగడం. ఇవాళ అరచేయంత, రేపు చాటంత, ఎల్లుండి జల్లెడంత.

ఇప్పుడొక మడి లెక్క చెప్తాను. సత్తెనపల్లి వైపు నాకు తెలిసిన తమ్ముడు ఒకడు ఎకరం మిర్చికి హైబ్రిడ్ విత్తనం పది గ్రాముల ప్యాకెట్లు పది కొన్నాడు, అంటే వంద గ్రాములు. గ్రాముకు సుమారు నూటయాభై గింజలనుకుంటే పదిహేను వేల గింజలు. నల్లరేగడి నేల. ఎకరానికి సరిపడా నారు పోయడానికి మనవాళ్ళు చెప్పే కొలత సెంటు నేల, అంటే మీటరు వెడల్పున నలభై మీటర్ల పొడవు. ఇతను నీళ్ళు పోయడం తేలికని ఇరవై మీటర్లే కట్టాడు. బెత్తెడు ఎడంలో వరసలు గీసి గింజ వేశాడు. లెక్క వేసి చూడండి, మీటరు వరసకు డెబ్బై అయిదు గింజలు పడ్డాయి, గింజకూ గింజకూ మధ్య సెంటీమీటరు పైచిలుకు. అదే నలభై మీటర్ల మడిలో అయితే రెండు సెంటీమీటర్లు దాటి ఎడం వచ్చేది.

జులై 24న విత్తాడు, పైన వరిగడ్డి కప్పాడు. ఎనిమిదో రోజుకు మొలక కనిపించింది. గడ్డి మాత్రం ఆగస్టు 4 దాకా తీయలేదు, ఎండకు వాడిపోతాయని భయం. 3 నుంచి 5 దాకా ముసురు. ముసురు పట్టినా సాయంత్రం పూట రోజ్ క్యానుతో నీళ్ళు పోయడం ఆపలేదు. 5న మడి మధ్యలో, కొంచెం పల్లంగా ఉన్న చోట మొదటి మచ్చ కనిపించింది. 6న కార్బెండజిమ్ కలిపి పదహారు లీటర్ల ట్యాంకు ఒకటి ఆకుల మీద పొగలా కొట్టాడు. 7న పొద్దున ఫోను.

"అన్నా, మందు కొట్టినా పడిపోతన్నయ్. ఇంకోటి ఏదైనా స్ట్రాంగుది చెప్పు."

"ముందు మడిలో వేలు గుచ్చి చూడు తమ్ముడూ. ఎంత లోతు దాకా తడి ఉంది?"

"ఎంత లోతేంది అన్నా, బురదే."

అక్కడే తేలిపోయింది. ఫొటోలో బూజు కూడా కనిపిస్తోంది. నేను వెళ్ళేసరికి ఐదో వంతు మొక్కలు పడిపోయి ఉన్నాయి. చేసిన పని వరసగా చెప్తాను.

ఆ రోజు నీళ్ళు చుక్క కూడా పోయలేదు. మడి చుట్టూ కాలువలను జానెడు లోతు చేసి నీరు బయటికి పోయే దారి చూపాం. పడిన మొక్కలనూ, వాటి చుట్టూ ఇంకా పచ్చగా నిలబడి ఉన్న జానెడు మేర మొక్కలనూ పైమట్టితో సహా తాపీతో ఎత్తి సంచిలో వేసి దూరంగా తీసుకెళ్ళి పూడ్చాం. పచ్చటి మొక్కలు పీకుతుంటే ఆ తమ్ముడికి ప్రాణం ఒప్పలేదు. కానీ ఆ జానెడు మేరలో తెగులు అప్పటికే వేళ్ళలో ఉంటుంది, బయటికి కనపడటానికి ఒక రోజు పడుతుంది అంతే. మచ్చను కోసి తీయకుండా మందు పోస్తే అది అంచు వెంబడి నడుస్తూనే ఉంటుంది. ఎత్తిన గుంటలో పొడి ఇసుక నింపాం. మిగతా మడిలో వరసల మధ్య పుల్లతో పైపొర గీకి గాలాడేలా చేశాం. షేడ్‌నెట్ తీసేశాం.

8న పొద్దున మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసి ఉన్న పొడిని లీటరుకు 2 గ్రాముల చొప్పున కలిపి పోశాం. ఇక్కడ కొలత ముఖ్యం. ఈ మందు మెడకూ వేరుకూ అందాలి, ఆకుకు కాదు. చదరపు మీటరుకు సుమారు మూడు లీటర్లు పోస్తేనే వేరు లోతుకు దిగుతుంది. ఇరవై చదరపు మీటర్ల మడికి అరవై లీటర్లు, పొడి 120 గ్రాములు. అతను ముందు కొట్టింది పదహారు లీటర్లు, అదీ ఆకుల మీద. మందు సరైనదే అయినా ఆ కొలతతో పని జరిగేది కాదు. తడి మడికి మళ్ళీ అరవై లీటర్లు పోయడం ఏంటని మీరు అడగొచ్చు. అందుకే ముందు రోజంతా ఆరబెట్టాం. ఆ మందు నీళ్ళే ఆ రోజుకు తడి, దాని మీద వేరే నీళ్ళు లేవు. ఆ తర్వాత పైమట్టి రంగు మారి పొడిబారినట్టు కనపడ్డాకే, పొద్దున పూట మాత్రమే నీళ్ళు. సాయంత్రం పోస్తే రాత్రంతా మెడ తడిగా ఉంటుంది, ఆ జీవికి అదే పండగ. 13న రెండోసారి, ఈసారి కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు. మెటలాక్సిల్‌ను పదేపదే పోస్తే దానికి లొంగని రకం తయారవుతుంది, అందుకే రెండోసారి మందు మార్చాం.

14 తర్వాత కొత్త మచ్చ రాలేదు. మొలిచినవి పన్నెండు వేలనుకుంటే, మేం పీకినవీ కలిపి దాదాపు నాలుగు వేలు పోయి ఎనిమిది వేలు మిగిలాయి.

ఇక్కడ నాకూ, అతని నాన్నకూ పెద్ద వాదన అయింది. పెద్దాయన మాట: "ఎనిమిది వేలున్నాయి కదయ్యా, కాస్త ఎడంగా నాటుకుంటే ఎకరం నిండుద్ది. మళ్ళీ విత్తనానికి డబ్బులెక్కడివి?" ఆయన బాధ నిజమే, హైబ్రిడ్ విత్తనం ధర మీకందరికీ తెలిసిందే. కానీ ఆ లెక్క నాటు రకాల రోజులది. అప్పుడు సెంటు మడికి 650 గ్రాముల విత్తనం చల్లేవాళ్ళం, అంటే దాదాపు లక్ష గింజలు. సగం పడిపోయినా ఎకరానికి నాలుగింతల నారు మిగిలేది. పోయింది పోగా మిగిలింది చాలు అనే అలవాటు అక్కడ పుట్టింది. నిజానికి అంత ఒత్తుగా చల్లడం వల్లే సగం పడిపోయేది కూడా. ఇప్పుడు ఎకరానికి రెండడుగుల ఎడంలో నాటితే పదకొండు వేల మొక్కలు కావాలి, మనం వేసేదే పదిహేను వేల గింజ. మిగులు లేని చోట మిగిలిందే చాలనుకోవడం కుదరదు.

నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. విత్తిన పదిహేను రోజుల లోపు మడిలో మూడో వంతు పోయే దారిలో ఉంటే, మందు పోస్తూనే అదే రోజు వేరే చోట కొత్త మడిలో కొరత మేరకు గింజ వేసేయాలి. నారు తేరుకుంటుందేమో చూద్దామని రెండు వారాలు ఆగితే ఆ రెండు వారాలూ పంట చివర కాయలో పోతాయి. ఆ తమ్ముడి చేత ఆగస్టు 8నే నాలుగు ప్యాకెట్లు వేరే మడిలో వేయించాం. పెద్దాయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అది వేరే సంగతి.

ఇక మిగిలిన ఎనిమిది వేలూ బతికినట్టేనా అంటే, అక్కడే జాగ్రత్త కావాలి. నిలబడి ఉన్న మొక్కలన్నీ ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు. నాటే ముందు మచ్చ ఉన్న చోటికి దగ్గర నుంచి పది, దూరం నుంచి పది మొక్కలు మట్టి చెదరకుండా పెకలించి నీళ్ళలో కడిగి చూడండి. వేరు తెల్లగా, సన్న పీచుతో ఉంటే మంచిది. వేరు గోధుమ రంగులో ఉండి, రెండు వేళ్ళ మధ్య పట్టి లాగితే పైతోలు ఊడి లోపల సన్న దారం మిగిలితే దాంట్లో పిథియం ఉంది. మెడ దగ్గర నొక్కుకుపోయిన గోధుమ మచ్చ ఉండి కాండం తీగలా సన్నబడి ఉంటే రైజోక్టోనియా. ఈ తీగ మెడ మొక్కే ఇందాక మోసం అన్నాను. మడిలో రోజూ నీళ్ళు అందుతాయి కాబట్టి బతుకుతుంది. పొలంలో నాటాక గాలికి ఆ మెడ దగ్గరే విరిగిపోతుంది, లేదా ఎదుగూ బొదుగూ లేకుండా మిగిలిపోతుంది. పైగా తెగులును కొత్త పొలానికి మోసుకెళ్తుంది. అలాంటివి ఎన్ని ఉన్నా పారేయాల్సిందే.

"మట్టి ఎగదోస్తే బతకదా?" అని టమాటా రైతులు అడుగుతారు. టమాటాకు కాండం మీద నుంచి వేళ్ళు వేసే గుణం బాగా ఉంది. మెడ ఒక పక్క మాత్రమే దెబ్బతిని, పైన కాండం గట్టిగా ఉంటే, మచ్చ పైదాకా పొడి మట్టి ఎగదోస్తే కొత్త వేళ్ళు వేసి తేరుకునేవి ఉంటాయి. మిర్చి అంత తేలిగ్గా అలా వేళ్ళు వేయదు. కాబట్టి మిర్చిలో ఆ ఆశ పెట్టుకోకండి.

బతికినవాటికి ఒక మేలు ఉంది. మొక్క నాలుగైదు నిజమైన ఆకులు వేసి కాండం గట్టిపడితే పడిపోయే ప్రమాదం చాలా తగ్గిపోతుంది. అందుకే మొలిచిన తర్వాత మొదటి రెండు మూడు వారాలే అసలు గండం. ఆ గండంలో యూరియా నీళ్ళు పోసి నారును గబగబా పెంచాలనుకోవడం మంచిది కాదు, నత్రజని ఎక్కువైతే కాండం లేతగా, మెత్తగానే ఉండిపోతుంది.

ఆ తమ్ముడి మడిలో వేళ్ళు చూసి వేరు చేస్తే ఏడు వేలు నాటడానికి పనికొచ్చాయి. వాటి వేళ్ళను ట్రైకోడెర్మా పొడి లీటరుకు 10 గ్రాములు కలిపిన నీళ్ళలో ముంచి, సెప్టెంబరు మొదటి వారంలో అరవై సెంట్ల పైచిలుకు నాటారు. మిగతా సుమారు నలభై సెంట్లు రెండో మడి నారుతో రెండు వారాల తర్వాత నిండింది. రెండో మడి మీద ఒక్క మచ్చ కూడా రాలేదు. అందులో గొప్ప మందేమీ వాడలేదు. ఎత్తు జానెడు దాకా పెంచి మడి నడుమ కాస్త ఉబ్బెత్తుగా ఉంచాం, గింజను సెంటీమీటరు లోతు కన్నా దించలేదు, పైన జల్లించిన ఇసుక, చివికిన ఎరువు పలచగా కప్పాం. మొలక తలెత్తిన సాయంత్రమే గడ్డి తీసేశాం. నీళ్ళు పొద్దున పూటే. మొలిచిన తర్వాత ఒకసారి, మళ్ళీ నాలుగైదు రోజులకు ఒకసారి కాపర్ ఆక్సీక్లోరైడ్ 3 గ్రాముల నీళ్ళతో మడి తడిపాం. అంతే.

చివికిన ఎరువు అన్నాను, పచ్చి ఎరువు కాదు. పిథియంకు పచ్చి ఎరువు, సగం కుళ్ళిన ఆకు అలము దొరికితే దాని మీదే ముందు పెరిగి, బలం పుంజుకుని మొలక మీదకు వస్తుంది. మడిలో ఎరువు చేత్తో నలిపితే పొడిపొడిగా, పేడ వాసన లేకుండా ఉండాలి. అలా లేకపోతే అసలు వేయకపోవడమే నయం.

ఒక మాట విత్తనం గురించి కూడా. నారుకుళ్ళు మట్టి పైన కనపడేదే కాదు, మొలక బయటికి రాకముందే లోపల కుళ్ళిపోవడం కూడా అదే తెగులు. మడిలో సగం గింజే మొలిస్తే మనం వెంటనే విత్తనం నాసిరకం అని కొట్టు మీదకు పోతాం. పోయే ముందు ఖాళీగా ఉన్న వరసలో బెత్తెడు మేర మట్టి తీసి గింజలు వెతకండి. గింజ పగలకుండా గట్టిగా అలాగే ఉంటే విత్తనం మీద అనుమానం న్యాయమే. గింజ పగిలి తెల్ల మొలక వచ్చి దాని కొన గోధుమ రంగులో కుళ్ళి ఉంటే అది మడిలో జరిగింది. ఈ గొడవ రాకుండా ఉండాలంటే విత్తే ముందే ప్రతి లాటు నుంచి వంద గింజలు తడి గుడ్డలో మూటకట్టి ఎన్ని మొలిచాయో రాసి పెట్టుకోండి. వంద గింజలంటే గ్రాము కూడా కాదు. ప్యాకెట్టు, బిల్లు, ఆ లెక్క మీ దగ్గర ఉంటే అప్పుడు మీ మాటకు బలం ఉంటుంది.

హైబ్రిడ్ గింజ చాలావరకు రంగు పూసి, మందు పట్టించే వస్తుంది. దాన్ని కడిగి మళ్ళీ ఇంకో మందు పట్టించక్కర్లేదు, కడిగితే ఉన్నదీ పోతుంది. సొంత విత్తనం, నాటు రకాలైతే కిలోకు 3 గ్రాముల కాప్టాన్ గానీ మాంకోజెబ్ గానీ పట్టించాలి. లేదంటే ట్రైకోడెర్మా కిలోకు 10 గ్రాములు. రెండూ ఒకేసారి కాదు. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే కదా, మీరు పోసే మందు దాన్నీ చంపుతుంది. ఇవాళ ట్రైకోడెర్మా వేసి రేపు రాగి మందు పోసి "జీవ మందులు పని చేయవన్నా" అనేవాళ్ళను చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. కనీసం పది రోజులు ఎడం ఉంచండి. ఇంకోటి, ట్రైకోడెర్మా తెగులు రాకముందు మట్టిలో కాపలా పెట్టే పద్ధతి. మడి కూలుతున్నప్పుడు తెచ్చి పోస్తే అది స్థిరపడేలోపు మడి అయిపోతుంది.

షేడ్‌నెట్ కింద ట్రేలలో కొబ్బరి పొట్టుతో పెంచే నారుకు ఈ తెగులు రాదని కొందరి నమ్మకం. ఒక గుంట నుంచి ఇంకో గుంటకు అంత వేగంగా పాకదు, అది నిజం. కానీ పోయినేటి ట్రేలు కడగకుండా వాడినా, చెరువు నీళ్ళో కాలువ నీళ్ళో నేరుగా పోసినా తెగులు నీళ్ళతోనే లోపలికి వస్తుంది. పిథియం నీటిలో ప్రయాణం చేసేదని ముందే చెప్పాను. సాగర్ కాలువ కింద ఉన్నవాళ్ళం, పొలానికి ఆ నీళ్ళు బంగారమే, నారుకు మాత్రం బోరు నీళ్ళు దొరికితే అవే పోయండి. నారు కొనేవాళ్ళు నర్సరీలో ఆకు పచ్చదనం చూసి అడ్వాన్సు ఇచ్చేయకండి. రెండు మూడు ట్రేల నుంచి మొక్కలు లాగి వేరు చూడండి. చూడనివ్వకపోతే ఇంకో నర్సరీకి వెళ్ళండి.

ఇక నా దృష్టిలో ఖర్చుకు తగ్గ ఫలితం ఎక్కువ ఇచ్చేది, మనవాళ్ళు చాలా తక్కువ మంది చేసేది ఎండతో మట్టిని కాగబెట్టడం. పొగాకు నారుమళ్ళలో పెద్దవాళ్ళు మడి మీద ఊక, చెత్త వేసి కాల్చేవాళ్ళు, దాని వెనక ఉన్న ఆలోచన ఇదే. ఇప్పుడు కాల్చక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో మడి స్థలాన్ని మెత్తగా దున్ని, కట్టి, బాగా తడిపి, పైన లోపలికి కనపడే తెల్ల పాలిథిన్ కాగితం పరిచి అంచులన్నీ మట్టితో మూసేయాలి. నాలుగు నుంచి ఆరు వారాలు అలా ఉంచాలి. నల్ల కాగితం వద్దు, అది వేడిని తానే పట్టుకుంటుంది, తెల్లది ఎండను లోపలికి వదిలి మట్టిని వేడెక్కిస్తుంది. మట్టి తడిగా ఉంటేనే వేడి లోతుకు దిగుతుంది, బీజాలు కూడా తడిలోనే తేలిగ్గా చస్తాయి. వంద గేజీ కాగితం చాలు. సెంటు స్థలానికి అయ్యే ఖర్చు మీరు నారుకుళ్ళుకు రెండుసార్లు కొనే మందుల కన్నా పెద్దగా ఎక్కువ ఉండదు.

కాగితం తీశాక చాలామంది మళ్ళీ నాగలితో లోతుగా తిరగేస్తారు. అలా చేస్తే కింద కాగని మట్టి పైకి వచ్చి పడిన శ్రమంతా పోతుంది. పైపైన రేకుతో గీకి వరసలు తీసుకోవాలి. ట్రైకోడెర్మా కలిపి నీడలో రెండు వారాలు మాగబెట్టిన పశువుల ఎరువు వేయడానికి సరైన సమయం కూడా అదే. పాత కాపురస్తులు ఖాళీ చేసిన ఇంట్లో కొత్తవాళ్ళు దిగినట్టు, పోటీ లేని మట్టిలో అది బాగా పట్టుకుంటుంది.

ఈ ఏటికి ఎండాకాలం దాటిపోయింది కాబట్టి ఇప్పుడు విత్తేవాళ్ళు చేయగలిగింది స్థలం మార్చడం. పోయినేడు మిర్చి, టమాటా, వంగ, పొగాకు నారు పోసిన చోట కాకుండా, చెట్టు నీడ పడని మెరక మీద సెంటుకు సెంటూ కట్టి, వరసలు పలచగా వేయండి. మడి ఫొటో పంపేవాళ్ళు పై నుంచి తీసింది ఒక్కటే పంపకండి. పడిన మొక్క ఒకటి కడిగి, మెడా వేరూ కనపడేలా తెల్ల కాగితం మీద పెట్టి తీసి పంపండి. నీళ్ళు ఏ పూట పోస్తున్నారో, ఏ నీళ్ళో, విత్తి ఎన్ని రోజులైందో కూడా రాయండి. ఆకులు చూసి నేనేమీ చెప్పలేను.